సమాసం మింగిన విభక్తి

పెనుకొండకు ఘనగిరి అని ఇంకో పేరుంది. శాసనాల్లోనూ కావ్యాల్లోనూ ఆ పేరు కనిపిస్తుంది. పెను అంటే ఘన, కొండ అంటే గిరి. మాటకు మాట సరిపోయింది, అర్థంలో వీసమెత్తు తేడా లేదు. అయినా హిందూపురం బస్టాండులో ఎవరైనా ఘనగిరికి టికెట్టు అడిగితే కండక్టరు ఎగాదిగా చూస్తాడు. దీన్ని పట్టుకుని, జనం నోట తెలుగు పేరు బతికింది, సంస్కృతం పేరు పోయింది అని తీర్పు చెప్పేయడం తేలికే. కానీ పక్కనే ధర్మవరం ఉంది. ధర్మమూ సంస్కృతమే, వరమూ సంస్కృతమే. చీరలు నేసేవాళ్ళూ కొనేవాళ్ళూ ఆ పేరు రోజుకు వందసార్లు పలుకుతారు, ఎవరి నాలుకా తడబడదు. అంచేత చరిత్రనో స్థలపురాణాన్నో చదివి వినిపించేవాడి గొంతుకు అడ్డం పడేది సంస్కృతమని నేను అనుకోను. రెండు మాటలు కలిసినంత మాత్రాన ఎవరికీ ఇబ్బంది లేదు. మూడోది, నాలుగోది వచ్చి అతుక్కున్నప్పుడు ఆ అతుకుల దగ్గర ఏదో మాయమవుతుంది. ఆ మాయమైనది ఏమిటో తెలిస్తే సమాసాన్ని ఎక్కడ విరవాలో, ఎక్కడ విరవకూడదో తెలుస్తుంది.

మాయమయ్యేది విభక్తి. ఇది బడిలో నేర్పిన సంగతే. రాజు, కుమారుడు అనే రెండు మాటల మధ్య ఉండాల్సిన సంబంధాన్ని మింగేసి రాజకుమారుడు అవుతుంది. విభక్తి పోవడమే సమాసం. కాగితం మీద ఇది మంచి పొదుపు, ఎందుకంటే కంటికి వెనక్కి వెళ్ళే వీలుంది. మహారాజకుమారుడు అని చదివినప్పుడు మహారాజు గారి కొడుకా, లేక రాజకుమారుల్లోనే గొప్పవాడా అని ఒక్క క్షణం ఆగి తేల్చుకోవచ్చు. చెవికి ఆ సౌకర్యం లేదు. వింటున్నవాడు తేల్చుకునేలోపు చెప్పేవాడు తర్వాతి వాక్యంలో ఉంటాడు. చెప్పేవాడి కష్టం వేరు. తెలుగు మాటలు అచ్చుతో ముగుస్తాయి, ఆ చివరి అచ్చు మీదే గొంతు కాస్త నిలబడి ఊపిరి పోసుకుంటుంది. లో, కి, తో, నుంచి లాంటివి అర్థాన్ని అతికించే ముక్కలే కాదు, గొంతు దిగి ఎక్కే మెట్లు కూడా. సమాసం ఆ మెట్లన్నీ తీసేసి ఒకటే నిట్టనిలువు గోడ కడుతుంది. దానికి తోడు ఒత్తక్షరాలు. భ, ధ, ఘ పలికినప్పుడల్లా అదనంగా కొంత గాలి బయటికి పోతుంది. అలాంటివి నాలుగు వరసగా వస్తే పదం సగంలో ఉండగానే ఛాతీ ఖాళీ అవుతుంది. అప్పుడు చదివేవాడు చేసేది రెండే. పదం నడిమధ్య ఊపిరి తీసుకుంటాడు, లేదా చివరి అక్షరాలను మింగేస్తాడు. తెలుగులో కర్తా కాలమూ తెలిసేది చివరి అక్షరాల్లోనే కాబట్టి రెండోది మరీ నష్టం.

ఒక వాక్యాన్ని దగ్గర పెట్టుకుని చూద్దాం. పెనుకొండ కోట గురించి చదివి వినిపించడానికి రాసిన స్క్రిప్టులో ఇలాంటిది ఉందనుకోండి. మన చరిత్ర పుస్తకాల ధోరణిలో, నమూనా కోసం నేనే కూర్చాను: "రాక్షసితంగడియుద్ధపరాజయానంతరం అళియరామరాయసోదరుడైన తిరుమలరాయలచే విజయనగరరాజధానీపరిత్యాగపూర్వకంగా పెనుకొండదుర్గాశ్రయణం గావించబడినది." వ్యాకరణం దాదాపు సరిగానే ఉంది. తెలుగు పేరైన పెనుకొండకు సంస్కృత సమాసాన్ని తగిలించినందుకు చిన్నయసూరి పక్షం పండితుడు ముఖం చిట్లించవచ్చు గానీ, ఆ తగువు ఇక్కడ వద్దు. మొత్తం 69 అక్షరాలు. అందులో విజయనగర అని మొదలై పూర్వకంగా అని ముగిసే ముక్క ఒక్కటే 18 అక్షరాలు, మధ్యలో ఎక్కడా నిలవడానికి చోటు లేదు.

దీన్ని విరవమంటే ముందుగా గుర్తుకొచ్చేది విగ్రహవాక్యం. రాక్షసితంగడి యొక్క యుద్ధమునందు పరాజయము యొక్క అనంతరము, అళియ రామరాయల యొక్క సోదరుడు... పరీక్షలో మార్కులు పడతాయి గానీ పెనుకొండలో ఏ మనిషీ యొక్క అనే మాటను నోటితో అనడు. "మా నాయన పొలం" అంటారు, "మా నాయన యొక్క పొలం" అనరు. విగ్రహవాక్యం సమాసాన్ని విప్పిందే గానీ మాట్లాడించలేదు. అది నడిదారి మజిలీ. దాని ఉపయోగం ఎక్కడంటే, ఏయే అతుకు దగ్గర ఏ సంబంధం దాగుందో రాసేవాణ్ణి అడుగుతుంది. ఆ ప్రశ్నలకు జవాబు చెప్పబోతేనే సమాసం కింద ఎంత సంగతి తొక్కిపెట్టి ఉందో తెలుస్తుంది.

యుద్ధపరాజయం దగ్గర మొదటి ప్రశ్న వస్తుంది. ఎవరి పరాజయం? సమాసం చెప్పదు, చెప్పకపోయినా వాక్యం నిలబడుతుంది. మామూలు తెలుగులో ఓడిపోవడం అనే క్రియ వాడగానే దానికి ఓ కర్త కావాలి. విజయనగర సేన ఓడిపోయింది అనాల్సిందే. తర్వాత సోదరుడు. సంస్కృతంలో ఈ మాటకు వయసు లేదు. తెలుగింట్లో సోదరుడు అనే మనిషి ఎవడూ ఉండడు, అన్న ఉంటాడు లేదా తమ్ముడు ఉంటాడు. తిరుమలరాయలు రామరాయలకు తమ్ముడు. స్క్రిప్టు రాసేవాడికి ఈ సంగతి తెలియకపోయినా సోదరుడు అని రాసి గట్టెక్కేయవచ్చు, తెలుగులో చెప్పాలంటే మాత్రం తెలుసుకుని రావాలి. అళియ అంటే కన్నడంలో అల్లుడు. రామరాయలు కృష్ణదేవరాయల అల్లుడు కాబట్టి ఆ పేరొచ్చింది. హిందూపురం వాళ్ళకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు గానీ, అళియరామరాయసోదరుడు అని ఒకే విసురులో వింటే అల్లుడెవరో తమ్ముడెవరో వాళ్ళకూ అయోమయమే. ఇక దుర్గాశ్రయణం. దుర్గం ఆశ్రయణం కలిసినా దుర్గ ఆశ్రయణం కలిసినా సంధి తర్వాత రూపం ఒక్కటే. చదువుకునేవాడు సందర్భాన్ని బట్టి కోట అనుకుంటాడు. వినేవాడు, అందునా గుళ్ళూ గోపురాలూ ఉన్న ఊళ్ళో నిలబడి వినేవాడు, తిరుమలరాయలు దుర్గమ్మను శరణు కోరాడని అనుకుంటే తప్పు వినేవాడిది కాదు. కోట అంటే ఈ చిక్కే లేదు. ఆఖరికి గావించబడినది. ఆశ్రయణం గావించబడింది అన్నప్పుడు కదిలింది మనిషి కాదు, ఆశ్రయణం. ఓడిన రాజ్యాన్ని నెత్తిన వేసుకుని వచ్చిన మనిషి చే అనే ఒక్క అక్షరం వెనక నిలబడిపోయాడు.

ఈ జవాబులన్నీ పెట్టి రాస్తే ఇలా వస్తుంది: "రాక్షసితంగడి యుద్ధంలో విజయనగర సేన ఓడిపోయేసరికి, అళియ రామరాయల తమ్ముడు తిరుమలరాయలు రాజధానిని వదిలి, పెనుకొండ కోటకు వచ్చి చేరినాడు." లెక్కపెడితే 63 అక్షరాలు. ఓడింది ఎవరో, తిరుమలరాయలు అన్నో తమ్ముడో కొత్తగా చేరినా ఆరు అక్షరాలు తగ్గాయి. అన్నిటికన్నా పొడుగు మాట ఏడు అక్షరాలది, పరిత్యాగపూర్వకంగా వగైరా 18 అక్షరాల కొండచిలువ రాజధానిని వదిలి అనే ఎనిమిది అక్షరాల్లో ఒదిగిపోయింది. ముందు వదిలాడు, తర్వాత చేరాడు అనే వరసను పూర్వక అనే మాట సాయం లేకుండా క్రియే చెప్పేసింది. విరిస్తే వాక్యం సాగిపోతుంది, నిడివి సరిపోదు అని స్క్రిప్టులు రాసేవాళ్ళు తరచూ అంటుంటారు. కొన్నిచోట్ల అది నిజమే. ఏమీ చెప్పకుండా దాచిన సమాసాన్ని విప్పితే దాచిన సరుకంతా బయట పోయాల్సి వస్తుంది, వాక్యం పెరుగుతుంది. కానీ గావించబడినది, నిర్వహించుట జరిగినది లాంటి తోకలు కత్తిరిస్తే ఆ పెరుగుదల చాలావరకు సర్దుకుంటుంది. కట్టారు అంటే మూడక్షరాలు, నిర్మాణం గావించబడింది అంటే తొమ్మిది.

ఈ వాక్యంలో ఓడిపోయేసరికి అనే మాట ఎందుకొచ్చిందో చెప్పాలి. సమాసాలు విరిచేవాళ్ళు మొదట చేసే పొరపాటు ఇక్కడే. తెలుగులో వాక్యాలను కలపడానికి చేసి, వచ్చి, చూసి అనే క్త్వార్థాలు ఇంపుగా ఉంటాయని అన్నిటినీ వాటితోనే గుచ్చుతారు. ఆ పనులన్నీ చేసినవాడు ఒక్కడే అయితేనే ఆ గొలుసు తెగకుండా నడుస్తుంది. "విజయనగర సేన ఓడిపోయి తిరుమలరాయలు పెనుకొండ చేరినాడు" అంటే చెవికి ఎక్కడో గతుకు తగులుతుంది, ఎందుకంటే ఓడింది సేన, చేరింది రాయలు. కర్త మారిన చోట సరికి, గానే, డంతో లాంటివి కావాలి. ఇంకో పొరపాటు దీనికి ఎదురు దిక్కుది. ఓడిపోయారు. వదిలేశారు. వచ్చారు. కోటలో ఉన్నారు. ఇలా ముక్కలు ముక్కలు చేస్తే ఒకటో తరగతి వాచకం అవుతుంది. చదివేవాడి గొంతు ప్రతి మూడు మాటలకూ కిందికి దిగి, వినేవాడికి కథ అయిపోయినట్టే ఉంటుంది. విరవడంలో కూడా ఎంత పొడుగు ఉంచాలో చూసుకోవాలి. గట్టిగా చదివితే చాలు, తేడా తెలిసిపోతుంది. గొంతు తనంతట తాను పైకి లేచి నిలిచిన చోట కామా ఉండాలి, కిందికి దిగిన చోట చుక్క ఉండాలి. చుక్క పెట్టిన చోట గొంతు దిగకపోతే వాక్యమే తప్పు. చదవడం అయ్యాక, విన్నవాణ్ణి "ఎవరు ఎక్కడికి వచ్చినారు?" అని అడిగితే మిగతాది తేలుతుంది.

లేపాక్షి నంది దగ్గర ఇంకో రకం ఉదాహరణ దొరుకుతుంది. ఏకశిలానిర్మిత నందివిగ్రహం అని రాయడం అలవాటు. నిర్మిత అంటే కట్టినది అనీ చేసినది అనీ రెండూ సరిపోతాయి, అందుకే కలం ఆగదు. దీన్నే తెలుగులో చెప్పబోయి "ఒకే రాతితో కట్టిన నంది" అంటే వెంటనే నవ్వొస్తుంది. ఒకే రాతిని కట్టేదేముంది? చెక్కాలి. ఒకే రాతిలో చెక్కిన బసవన్న అనగానే ఉలీ సుత్తీ పట్టుకున్న మనిషి కళ్ళముందుకొస్తాడు. సమాసం తప్పు చెప్పలేదు, కాకపోతే ఏ పనినీ ఖచ్చితంగా చెప్పలేదు. అదే ఊరి గుడిలో నేలకు పూర్తిగా ఆనని స్తంభాన్ని చూడవచ్చినవాళ్ళు వేలాడే స్తంభం అంటారు. దానికి సంస్కృతంలో ఏ పేరు పెట్టినా, కింద కండువా దూర్చి అవతల నుంచి లాగే మనిషి వేలాడే అనే మాటనే తీసుకుపోతాడు.

ఇక్కడ పెద్ద అభ్యంతరం ఒకటి ఎదురవుతుంది, దాన్ని తేలిగ్గా తోసేయలేం. సామ్రాజ్యం కూలిన కథకు గాంభీర్యం కావాలి, వచ్చి చేరినాడు అంటే సంతకు వచ్చినట్టుంది అంటారు. మన పద్యగాళ్ళు, నటులు బారెడు సమాసాలను తడుముకోకుండా పాడలేదా అని కూడా అడుగుతారు. పాడారు. పెనుకొండ పడిపోయిన వైభవం మీద పుట్టపర్తి నారాయణాచార్యులు చిన్నతనంలోనే పెనుగొండలక్ష్మి కావ్యం రాశారు. ఆంధ్ర నాటక పితామహుడని పేరుపడ్డ ధర్మవరం రామకృష్ణమాచార్యులు బళ్ళారిలో సరస వినోదిని సభ పెట్టి, 1880ల చివర్లో చిత్రనళీయం ఆడించి, రాగాలతో పద్యాలు పాడే రంగస్థలానికి దారి వేశారు. ఈ అభ్యంతరానికి జవాబు ఆ పద్యాల్లోనే ఉంది. పద్యంలో గణాలున్నాయి, యతిస్థానం ఉంది. సమాసం వ్యాకరణం ప్రకారం ఎక్కడా తెగకపోయినా ఛందస్సు దాన్ని గొంతుకు సరిపడా ముక్కలు చేసి పెట్టే ఉంటుంది. పైగా రాగం ఉంది. నటుడు పాదం చివరి అచ్చును పట్టుకుని ఎంతసేపైనా సాగదీసి ఊపిరి కూడదీసుకోగలడు. వచనం చదివేవాడికి యతీ లేదు, ఆలాపనా లేదు, హార్మోనియం కూడా లేదు. అతనికి మిగిలినవి విభక్తులే. పద్యానికి ఛందస్సు చేసే పనిని వచనానికి విభక్తి చేస్తుంది. అందుకే పద్యంలో నిలిచిన సమాసాన్ని తెచ్చి వచనంలో పెడితే నిలవదు. గాంభీర్యం సంగతంటారా, అది దీర్ఘాల్లోనూ విరామాల్లోనూ ఉంటుంది. రాజధానిని వదిలి అన్న చోట చదివేవాడు ఒక్క క్షణం ఆగితే చాలు. ఆగడానికి చోటు ఉండాలి మరి.

ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో తోలుబొమ్మలు ఆడించేవాళ్ళకు ఈ తేడా తరతరాలుగా తెలుసు. పద్యాన్ని పద్యంగానే పాడతారు, ఆ వెంటనే దాని సారాన్ని మామూలు మాటల్లో చెబుతారు. కేతిగాడూ బంగారక్కా వచ్చినప్పుడైతే సమాసం ఊసే ఉండదు. రాత్రంతా తెర వెనక నిలబడి పది పాత్రలకు గొంతు మార్చే మనిషి ఊపిరిని ఎక్కడ ఖర్చు పెట్టాలో ఎక్కడ దాచుకోవాలో తెలియకపోతే రెండో జాముకే గొంతు కూర్చుంటుంది.

ఇంకా వెనక్కి వెళితే శాసనాలున్నాయి. పొడవాటి సమాసం మన పాతకాలపు వాళ్ళ సహజ భాష అనేవాళ్ళు శాసనం మొదటి వరసలే చూస్తారు. శ్రీమన్మహారాజాధిరాజ రాజపరమేశ్వర శ్రీవీరప్రతాప అంటూ బిరుదులు వరసకడతాయి. కొంచెం కిందికి దిగండి. దానం సంగతి వచ్చేసరికి భాష మారిపోతుంది. ఏ ఊరి పొలం, తూర్పున ఏ చెరువు, పడమట ఏ గుట్ట, ఏ దేవుడి ధూపదీపాలకు, దాన్ని చెరిపినవాడికి ఏ పాపం. ఈ సీమలో ఒకచోట తెలుగులో ఉంటుంది, ఒకచోట కన్నడంలో ఉంటుంది, ఏ భాషలో ఉన్నా ఆ ఊరి రైతుకు చదివి వినిపిస్తే పొలం గట్టు ఎక్కడో తెలిసేలా ఉంటుంది. బిరుదులు అర్థం కావడానికి రాసినవి కావు, మోగించడానికి రాసినవి, నగారాలాగా. అర్థం కాకపోతే తగువు వచ్చే చోట రాయసకాడు విభక్తిని మింగలేదు.

దీన్నుంచే విరవకూడనిదేదో కూడా తెలుస్తుంది. ఆ బిరుదులను పెనుకొండ కోట ముందు వినిపించాల్సి వస్తే విరవకుండా ఒక్కసారి అలాగే మోగించాలి. రాజులకు రాజైన గొప్ప రాజు అని విప్పితే నగారా మీద దుప్పటి కప్పినట్టే. రాజధాని, సూర్యోదయం, విజయనగరం సమాసాలే అయినా జనం వాటిని ఒకే మాటగా చేసుకున్నారు, వాటి జోలికి పోనక్కర్లేదు. రాక్షసితంగడి కూడా అంతే, నిజానికి అది కృష్ణ ఒడ్డున రక్కసగి, తంగడగి అనే రెండు ఊళ్ళ పేర్లు కలిసి వచ్చినదే అయినా ఇప్పుడు దాన్ని విరిస్తే యుద్ధం ఏదో తెలియదు. సంస్కృతం వాసన తగలగానే పీకి పారేసి, వెతికి వెతికి అచ్చతెలుగు మాట పెట్టేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళకు పొన్నెగంటి తెలగన యయాతి చరిత్రను చూపించాలి. 16వ శతాబ్దంలో ఒక్క సంస్కృత పదం లేకుండా రాయబూనిన కావ్యం అది, ఇవాళ నిఘంటువు పక్కన లేకుండా చదవడం కష్టం. వాడుకలో లేని మాట తెలుగుదైనా చెవికి పరాయిదే. ధనాగారం బదులు ఏదో పాత తెలుగు మాట తవ్వి తీయడం కన్నా ఖజానా అంటే సరిపోతుంది. బాబయ్య దర్గా ఉన్న పెనుకొండలో ఖజానా అంటే తెలియనివాడు ఉండడు.

మిగిలిన చిక్కు ఒకటుంది, దీనికి నా దగ్గర కూడా అందరికీ పనికొచ్చే జవాబు లేదు. వాడుక మాట అన్నప్పుడు ఎవరి వాడుక? పై వాక్యంలో చేరినాడు అని రాశాను. బెజవాడలో రాస్తే చేరాడు అవుతుంది, పత్రికలూ టీవీలూ దాన్నే ప్రామాణికం చేశాయి. పెనుకొండ, హిందూపురం ప్రాంతంలో వచ్చినాడు, కట్టించినాడు, ఓడిపోయినారు అన్నది ఇంటి మాట. చేరాడు కన్నా చేరినాడు ఒక అక్షరం ఎక్కువ, అయితే ఆ అక్షరం ఊరికే లేదు. చేరిన అనే రూపం అందులో వినపడుతుంది, వాక్యం చివర గొంతు దిగడానికి ఇంకో మెట్టు దొరుకుతుంది. ఈ కోట కథను ఈ ఊరి మనిషి చదివితే చేరినాడు అనడమే మేలని నేను అనుకుంటాను. శ్రీకాకుళం మనిషితో చదివిస్తే మాత్రం ఆ మాటను బలవంతంగా పలికించకూడదు. అతని నోట అది అరువు యాసలా వినిపించి, సమాసం చేసినంత గతుకూ అదే చేస్తుంది. అతను చేరాడు అనే అంటాడు, అననివ్వాలి. స్క్రిప్టులో క్రియ చివర కాస్త ఖాళీ వదిలి, ఆ ముక్క ఎలా పలకాలో చదివేవాడి చేత్తోనే పెన్సిలుతో రాయించుకోవడం పాత పద్ధతి.